‘నీళ్లు పడ్డాయి’ అంటే ఇంగ్లిష్‌లో ఏమంటారు?



కిందటి ఆగస్టులో తొమ్మిదో తరగతి పిల్లలకు నీటి ఎద్దడి మీద ఇంగ్లిష్‌లో వ్యాసం రాయమని ఇచ్చాను. మొత్తం 42 పేపర్లు దిద్దాను. వాటిలో సగానికి పైగా ‘వాటర్ ఈజ్ ది ఎలిక్సిర్ ఆఫ్ లైఫ్’ అనే మొదలయ్యాయి. ఆ తర్వాత కూడా అన్నింట్లో అవే మాటలు: నీరు విలువైనది, వృథా చేయకూడదు, మన చేతుల్లోనే భవిష్యత్తు ఉంది. స్పెల్లింగులు బాగున్నాయి, చేతిరాత బాగుంది. కానీ పేర్లు తీసేస్తే ఏ పేపరు ఎవరిదో చెప్పలేను.

ఆ నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ఒక అబ్బాయి తండ్రి వచ్చారు. మాటల్లో వాళ్ల ఊరి సంగతి వచ్చింది. నల్గొండ వైపు ఊరు. వాళ్ల నాన్నగారు బత్తాయి తోట కోసం నాలుగు బోర్లు వేయించారట. మూడు ఫెయిలయ్యాయి. నాలుగో దాంట్లో నీళ్లు పడ్డాయి కానీ రెండేళ్లకు అదీ ఎండిపోయింది. అప్పు తీర్చడానికి ఎకరం అమ్ముకుని, మిగిలిన వాళ్లు పట్నం వచ్చేశారు. ఆయన అబ్బాయి పేపరు నా ముందే ఉంది. అందులో బోరు అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

“ఇదంతా మీ బాబు ఎందుకు రాయలేదండీ?” అని అడిగాను. “అదంతా ఊరి గోల మేడమ్. ఇంగ్లిష్ వ్యాసంలో మంచి పాయింట్లు రాయాలి కదా” అన్నారు తండ్రి. పక్కనే నిలబడిన పిల్లవాడు మెల్లగా అన్న మాట మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. “నీళ్లు పడ్డాయి అనేది ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తెలియలేదు మేడమ్. వాటర్ ఫెల్ అంటే తప్పు కదా. అందుకే రాయలేదు.”

నా అభిప్రాయం ఆ పిల్లవాడి మాటలోనే ఉంది. పర్యావరణం, టెక్నాలజీ, ఆరోగ్యం అనే మూడు అంశాలు మన పిల్లలకు పరీక్షలోనూ, వక్తృత్వ పోటీలోనూ, పెద్దయ్యాక ఐఇఎల్‌టిఎస్ లాంటి పరీక్షల్లోనూ మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. వాటికోసం రెడీమేడ్ వ్యాసాల పుస్తకాలు కొంటున్నాం, వందల పదాల లిస్టులు బట్టీ పట్టిస్తున్నాం. పిల్లల దగ్గర లేనివి కష్టమైన పదాలు కావు. తమ ఇంట్లో ఉన్న విషయాన్ని మోయగల మామూలు పదాలు వాళ్ల దగ్గర లేవు. టాపిక్ బ్యాంక్ అనే నోట్‌బుక్ ఆ లోటు తీర్చాలి. మనం చేయిస్తున్న తీరులో అది తీరడం లేదు.

లిస్టు ఎందుకు పనిచేయదు

చాలా ఇళ్లలో టాపిక్ బ్యాంక్ అంటే ఇలా ఉంటుంది. పైన ఎన్విరాన్‌మెంట్ అని హెడ్డింగ్, కింద యాభై పదాలు, ఎదురుగా అర్థాలు. డెలిటీరియస్ అంటే హానికరమైన, ప్లెథోరా అంటే అతి ఎక్కువ. పిల్లలు అప్పజెపుతారు, మనం సంతోషిస్తాం. పరీక్షలో ఆ పదం రావాల్సిన చోట రాదు, రాకూడని చోట వస్తుంది. ‘ప్లెథోరా ఆఫ్ వాటర్ ప్రాబ్లమ్ ఈజ్ డెలిటీరియస్’ అని రాసిన పేపరు నేనే దిద్దాను.

దీనికి కారణం ఉంది. ఏ భాషలోనైనా మాట ఒంటరిగా బతకదు, జంటగా బతుకుతుంది. మనం తెలుగులో బావి ‘తవ్వుతాం’, బోరు ‘వేస్తాం’. బావి వేశాం అంటే వినేవాళ్లు నవ్వుతారు. ఇంగ్లిష్‌లోనూ అంతే. బోరుకు ‘డ్రిల్’ అన్న క్రియ కావాలి. మన పిల్లలకు బోర్‌వెల్ అన్న నామవాచకం తెలుసు, దాని పక్కన నిలబడే క్రియ తెలియదు. అందుకే ‘పుట్ ఎ బోర్’ అని రాస్తారు, లేదంటే ఆ పిల్లవాడిలా విషయాన్నే వదిలేస్తారు. ఐఇఎల్‌టిఎస్‌లో పదజాలానికి మార్కులు వేసే ప్రమాణాల్లో కూడా ఈ జంట కుదరడాన్ని పేరు పెట్టి చూస్తారు. దాన్ని వాళ్లు కొలొకేషన్ అంటారు. అరుదైన పదం ఎన్నిసార్లు వాడారన్న లెక్క ఒక్కటే అక్కడ పనికిరాదు.

ఒక పేజీ ఎలా తయారవుతుంది

మీటింగ్ తర్వాత ఆ అబ్బాయితో నేను చేయించిన పేజీనే మీకు చూపిస్తాను. పేజీకి ‘ఎన్విరాన్‌మెంట్’ అని పేరు పెట్టలేదు. అది మరీ పెద్దది. ‘మా తాత బోరు’ అని పెట్టాం. టాపిక్ బ్యాంక్‌లో ప్రతి పేజీ ఇలా చేత్తో చూపించగల ఒక్క విషయం మీద ఉండాలి. ఆ పేజీలో ఐదు గదులు.

మొదటి గది ఇంటి మాట. ఆదివారం తాతకు ఫోన్ చేసి, ఆయన చెప్పింది తెలుగులోనే రాసుకు రమ్మన్నాను. ఆరు వాక్యాలు తెచ్చాడు. నాలుగు బోర్లు వేశాం. ఒక్కదాంట్లోనే నీళ్లు పడ్డాయి. రెండేళ్లు బాగా పోసింది. తర్వాత నీటిమట్టం దిగిపోయింది. కరెంటు రాత్రిపూట వచ్చేది, మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకున్నాం. ఊళ్లో చిన్నప్పటి నుంచీ పళ్లకు గార. ఈ ఆరు వాక్యాల్లో పర్యావరణం ఉంది, టెక్నాలజీ ఉంది, ఆరోగ్యం కూడా ఉంది. ఏ గైడులోనూ ఇంత సరుకు నాకు దొరకలేదు.

రెండో గది జంట మాటలు. ఇంటి మాటల్లోని ఒక్కో దానికి ఇంగ్లిష్‌లో వాడే జంటను పక్కన రాయాలి:

- బోరు వేశారు: డ్రిల్డ్ ఎ బోర్‌వెల్
- నీళ్లు పడ్డాయి: స్ట్రక్ వాటర్
- బోరు ఎండిపోయింది: ది బోర్‌వెల్ రాన్ డ్రై
- నీటిమట్టం దిగిపోయింది: ది వాటర్ టేబుల్ ఫెల్
- మోటారు వేశారు: స్విచ్డ్ ఆన్ ది పంప్
- నీళ్లు భూమిలోకి ఇంకాయి: ది వాటర్ సీప్డ్ ఇన్‌టు ది గ్రౌండ్
- భూగర్భజలం మళ్లీ నిండేలా చేయడం: రీచార్జ్ ది గ్రౌండ్‌వాటర్
- ట్యాంకర్ల మీద ఆధారపడటం: రిలై ఆన్ ట్యాంకర్స్

ఎనిమిది చాలు. పదికి మించితే మళ్లీ లిస్టు అయిపోతుంది. వీటిలో ఒక్కటి కూడా బరువైన పదం కాదని గమనించండి. కానీ ‘వాటర్ ఫెల్’ అని రాయబోయి ఆగిపోయిన పిల్లవాడికి ‘స్ట్రక్ వాటర్’ అన్న రెండు మాటలు దొరకగానే తాత కథ మొత్తం చెప్పే దారి దొరికింది. వ్యాసంలో కాస్త లాంఛనంగా రాయాల్సి వస్తే ‘ది బోర్‌వెల్ రాన్ డ్రై’ అనే బదులు ‘గ్రౌండ్‌వాటర్ డిప్లీషన్’ అనవచ్చు. వేదిక మీద మాట్లాడేటప్పుడు మొదటిదే చెవికి ఇంపుగా ఉంటుంది. రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి రాసి పెట్టుకుంటే, ఏది ఎప్పుడు వాడాలో పిల్లలే నేర్చుకుంటారు.

మూడో గది కారణాల గొలుసు. పిల్లల వ్యాసాల్లో పెద్ద ఖాళీ ఉండేది ఇక్కడే. నీళ్లు తగ్గిపోతున్నాయి అని రాస్తారు, ఎందుకో రాయరు. తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం కింద గ్రానైట్ లాంటి గట్టి రాయి ఉంటుంది. ఆ రాయి పైభాగం కొన్ని పదుల అడుగుల మేర శిథిలమై, స్పాంజి లాగా వాననీటిని పట్టి ఉంచుతుంది. దాని కింద గట్టి బండ. అక్కడ నీళ్లు పగుళ్లలో మాత్రమే ఉంటాయి. పైపొరలోని నీటిని వాన నింపేదాని కంటే వేగంగా తోడేస్తే బావులు ముందు ఎండుతాయి. అప్పుడు జనం లోతుకు వెళ్తారు. లోతుకు వెళ్తే నీళ్లు ఎక్కువ ఉంటాయన్న హామీ లేదు. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే పొడి దుమ్ము. తాత మూడు బోర్లు అందుకే ఫెయిలయ్యాయి. ఇదంతా ఆ పిల్లవాడు సోషల్ పుస్తకంలో ముక్కలుగా చదివిందే. తాత బోరు దగ్గరకు వచ్చాక ఆ ముక్కలు కలిశాయి.

పేజీలో ఈ గొలుసును బాణం గుర్తులతో ఐదు మెట్లుగా రాయిస్తాను: ఎక్కువ తోడటం, పైపొర ఖాళీ కావడం, లోతు బోర్లు, పగుళ్ల జూదం, అప్పు. ఈ ఐదు మెట్లే వ్యాసంలో ఒక పేరా అవుతాయి. ‘సో’, ‘యాజ్ ఎ రిజల్ట్’ లాంటి కలుపు మాటలు అప్పుడు వాటంతట అవే చోటు చూసుకుంటాయి. గొలుసు లేకుండా కలుపు మాటలు మాత్రం నేర్పితే, సంబంధం లేని రెండు వాక్యాల మధ్య ‘దేర్‌ఫోర్’ వచ్చి కూర్చుంటుంది.

నాలుగో గది ఒక లెక్క. ఎక్కడో చూసిన శాతాలు బట్టీ పట్టించవద్దు. పరీక్ష హాల్లో అవి తారుమారవుతాయి. పిల్లలు తామే వేయగల లెక్క ఒక్కటి చాలు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడేది 80,000 లీటర్లు. ఆవిరైనవీ, పొంగిపోయినవీ పోగా అందులో 80 శాతం పట్టుకోగలిగితే 64,000 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో వాడే ప్రమాణం. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. అంటే ఆ డాబా నీళ్లు దాదాపు 118 రోజులకు వస్తాయి.

ఇంతవరకూ వచ్చాక, అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక అమ్మాయి లేచి, “మాది ఐదంతస్తులు మేడమ్, డాబా ఒక్కటే కదా” అంది. నిజమే. అంతస్తుకు ఒక కుటుంబం చొప్పున ఐదు కుటుంబాలు పంచుకుంటే అవే నీళ్లు 24 రోజులకు కూడా చాలవు. ఇంకుడు గుంత మంచిదే, కానీ అదొక్కటే అపార్ట్‌మెంట్ దాహం తీర్చదు. ఒక పరిష్కారం చెప్పి, దాని హద్దు కూడా చెప్పగలిగిన ఆ అమ్మాయి వాక్యం ‘వుయ్ షుడ్ సేవ్ వాటర్’ కంటే ఎన్నో మెట్లు పైన ఉంది. ఈ లెక్కను ఆమె ఇక మర్చిపోదు. అది పుస్తకంలో చూసింది కాదు, తన డాబా మీద తాను వేసింది.

ఐదో గది అవతలి మాట. నీళ్లు ఎక్కువ తోడుతున్నారని రైతును తప్పుపట్టడం తేలిక. కాలువ రాని మెట్ట ప్రాంతంలో బోరు తప్ప ఇంకేం దారి ఉందని రైతు అడుగుతాడు. అది కూడా పేజీలో ఉండాలి. ఒకవైపే రాసిన వ్యాసం నినాదంలా ఉంటుంది. అవతలి వాడి మాట ఒక్కటి రాసి, దానికి జవాబు ఇస్తేనే అది వాదన అవుతుంది.

అదే పేజీ, మరో రెండు అంశాలు

ఇప్పుడు టెక్నాలజీకి వద్దాం. తాత చెప్పిన ఆటోమేటిక్ స్టార్టర్ మీద ఒక పేజీ చేశాం. కరెంటు వేళకాని వేళ వచ్చే రోజుల్లో, రైతు చీకట్లో పొలానికి వెళ్లి మోటారు వేయాలి. పాము కాటు భయం, తడి చేతులతో షాక్ కొట్టే భయం. స్టార్టర్ పెట్టుకుంటే కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. రైతు ఇంట్లో నిద్రపోవచ్చు. ఇది మేలు. కానీ పొలం తడిసినా మోటారు ఆగదు. కరెంటు ఉన్నంతసేపూ నీళ్లు పోతూనే ఉంటాయి. ఇది కీడు. ఆ తర్వాత ఫోన్‌తో నడిచే స్టార్టర్లు వచ్చాయి. ఇంట్లో కూర్చునే మోటారు వేయవచ్చు, ఆపవచ్చు కూడా. అదే పని చేసే యంత్రం, ఆపే అధికారం మనిషి చేతికి వచ్చాక వేరే ఫలితం ఇచ్చింది.

‘టెక్నాలజీ వరమా, శాపమా’ అన్న ప్రశ్నకు వందలో తొంభై మంది మొబైల్ గేమ్‌ల గురించి రాస్తారు. ఈ పిల్లవాడు స్టార్టర్ గురించి రాశాడు. ‘ఆపే మీట ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది’ అని ముగించాడు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి అది సొంత ఆలోచన. దానికి అవసరమైన జంట మాటలు కూడా కష్టమైనవి కావు: రన్ అన్‌అటెండెడ్, కట్ ఆఫ్ ది సప్లై, సేవ్ ఎ ట్రిప్ టు ది ఫీల్డ్.

ఆరోగ్యం పేజీ పళ్ల గార నుంచి వచ్చింది. భూమిలోని రాయి నుంచి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. నీరు రాతిలో ఎక్కువ కాలం ఉంటే ఎక్కువ కరిగే వీలుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫర్వాలేదు, వేరే నీరు లేకపోతే 1.5 వరకు అనుమతించవచ్చు అని భారత ప్రమాణాలు చెబుతాయి. అది దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లపై మచ్చలు, తర్వాత కీళ్లు బిగుసుకోవడం, ఎముకలు వంగడం. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. అది మన తెలుగు నేలే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరు ‘నల్గొండ టెక్నిక్’. ఆ పేరు చెప్పగానే, నల్గొండ నుంచి వచ్చిన పిల్లవాడి కళ్లు మెరిశాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గైడుల్లోని ఆరోగ్య వ్యాసాల్లో నీటి గురించి ఎప్పుడూ ఉండే సలహా ‘నీళ్లు కాచి తాగాలి’. కాస్తే సూక్ష్మక్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు కొంత ఆవిరై, మిగిలిన దాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకే ఫ్లోరోసిస్ మీద రాస్తూ కాచి తాగమంటే తప్పు. అన్నిచోట్లా పనికొచ్చే వాక్యాలు బట్టీ పట్టినవాళ్లు పొరపడేది ఇలాంటి చోటే. ఒక్క విషయాన్ని లోతుగా చూసిన పిల్లలు ఆ తప్పు చేయరు.

నోట్‌బుక్ నింపితే చాలదు

అందంగా రంగుల పెన్నులతో నింపిన టాపిక్ బ్యాంకులు చాలా చూశాను. అవి పిల్లల బీరువాల్లో ఉంటాయి, నోట్లో ఉండవు. రాసిన దాన్ని తిరిగి బయటికి తీయడమే అసలు సాధన.

నేను చెప్పే పద్ధతి ఇది. పేజీ రాసిన మర్నాడు నోట్‌బుక్ మూసేసి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, రెండు నిమిషాలు మాట్లాడమనండి. ఐఇఎల్‌టిఎస్ స్పీకింగ్ రెండో భాగంలోనూ ఒక నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాల వరకు మాట్లాడాలి. కాబట్టి అలవాటు వృథా పోదు. తర్వాత నోట్‌బుక్ తెరిచి, రికార్డింగ్ వింటూ, తాను వాడిన జంట మాటల పక్కన టిక్కు పెట్టుకోవాలి. టిక్కు పడనివి వారం తర్వాత మళ్లీ ప్రయత్నించాలి. నెల తర్వాత మూడోసారి. మూడోసారి అయినా, చూడకుండా ఐదు జంటలు, ఒక గొలుసు, ఒక లెక్క వస్తే ఆ పేజీ పిల్లల సొంతమైనట్టే.

ఆ రెండు నిమిషాలూ మీరు మధ్యలో వ్యాకరణం సరిచేయకండి. ‘వాట్ హీ గో, హీ వెంట్ అనాలి’ అని మధ్యలో ఆపితే, గొలుసు తెగిపోతుంది. తప్పులు రికార్డింగ్‌లో ఉంటాయి, తర్వాత చూసుకోవచ్చు. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు. మీరు అడగాల్సిన ప్రశ్నలు తెలుగులోనే ఉన్నాయి: ఎందుకలా జరిగింది? ఎంత? ఎదుటివాళ్లు ఏమంటారు?

ఏడాదికి పన్నెండు పేజీలు చాలు, ఒక్కో అంశానికి నాలుగు. పల్లెతో సంబంధం లేని ఇంట్లోనూ పేజీలకు కొదవ ఉండదు. అపార్ట్‌మెంట్‌కు వచ్చే ట్యాంకర్, అమ్మమ్మ షుగర్ మందులు, కిరాణా కొట్టు ముందు ఉన్న క్యూఆర్ కోడ్, ఎదురింటి వాళ్లకు వచ్చిన డెంగీ, ఏదైనా పేజీ అవుతుంది.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఈ పద్ధతికి కూడా ఒక ప్రమాదం ఉంది. ఆ అబ్బాయికి బోరు పేజీ ఎంత బాగా వచ్చిందంటే, తర్వాతి పరీక్షలో శబ్ద కాలుష్యం మీద పేరా అడిగితే, బోరు వేసే లారీ మోతతో మొదలుపెట్టి మూడో వాక్యానికల్లా భూగర్భజలాల్లోకి దిగిపోయాడు. మార్కులు పోయాయి, పోవాల్సిందే. అడిగిన ప్రశ్నకు జవాబు రాయడం మొదటి నియమం. అందుకే ఇప్పుడు ప్రతి పేజీ అడుగున ‘ఈ పేజీ ఏ ప్రశ్నలకు పనికిరాదు’ అని రెండు ప్రశ్నలు రాయిస్తున్నాను. పేజీని ఎక్కడ వాడాలో తెలియడం ఎంత అవసరమో, ఎక్కడ వాడకూడదో తెలియడమూ అంతే.

రెండో హద్దు పొడవు. సీబీఎస్ఈ పదో తరగతిలో విశ్లేషణాత్మక పేరా 100 నుంచి 120 పదాలు. అందులో తాత కథ మొత్తం పట్టదు. గొలుసు, ఒక లెక్క, ఒక ఉదాహరణ వాక్యం, అంతే. వక్తృత్వ పోటీకైతే కథతో మొదలుపెట్టవచ్చు. పేజీ గిడ్డంగి లాంటిది. ఏ పూటకు ఎంత కావాలో అంతే బయటికి తీయాలి.

మీతో ఒక్క మాట

పిల్లలకు ఇంగ్లిష్ రావాలని ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేసిన తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. మీ ఉద్దేశాన్ని తప్పుపట్టను. కానీ నేను 42 పేపర్లలో చూసింది వేరే కథ. ఇంగ్లిష్‌లో ఇంకా పూర్తిగా పట్టు రాని పిల్లలతో ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడితే, మాటలు ‘హ్యాడ్ యువర్ డిన్నర్’ దగ్గరే ఆగిపోతాయి. బోరు ఎందుకు ఎండిందో, తాత ఎందుకు పొలం అమ్మారో, అమ్మమ్మకు మోకాళ్లు ఎందుకు నొప్పో ఆ ఇంగ్లిష్‌లో ఎవరూ చెప్పరు. అప్పుడు పిల్లల దగ్గర ఇంగ్లిష్ ఉంటుంది, అందులో చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీని నింపడానికే గైడులు అమ్ముడుపోతున్నాయి. విషయం తెలుగులో రానివ్వండి. దానికి ఇంగ్లిష్ జంటలు వెతికిపెట్టే పని మా ఇంగ్లిష్ టీచర్లది.

ఆ అబ్బాయి జనవరిలో తరగతి ముందు రెండు నిమిషాలు మాట్లాడాడు. తాత కూడా ఫోన్‌లో వింటున్నారని తర్వాత తెలిసింది. పిల్లవాడి మొదటి రెండు వాక్యాలు ఇవి: ‘మై గ్రాండ్‌ఫాదర్ డ్రిల్డ్ ఫోర్ బోర్‌వెల్స్. ఓన్లీ వన్ స్ట్రక్ వాటర్.’ తరగతి నిశ్శబ్దమైపోయింది. తాతకు ఇంగ్లిష్ రాదు. అయినా సాయంత్రం మనవడికి ఫోన్ చేసి, “బోరు అన్న మాట వినపడింది రా” అన్నారట.

ఈ ఆదివారం మీ ఇంట్లో కూడా ఒక ఫోన్ చేయించండి. ఊళ్లో ఎవరికైనా సరే. ఆరు వాక్యాలు తెలుగులో రాయించి, సోమవారం బ్యాగులో పెట్టి పంపండి. మిగతా నాలుగు గదులు మేం తరగతిలో పూర్తి చేయిస్తాం.